జిల్లా పేరు దగ్గర ఆగిపోయిన పుట్టిన ఊరు
(చెన్నైలో తెలుగు పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారమండి.

ఏ జీవిత చరిత్ర తెరిచినా మొదటి పేజీలో ఒక వాక్యం కనిపిస్తుంది. "వీరు విశాఖపట్నం జిల్లాలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించారు." అంతే. తండ్రి పేరుంటుంది, ఒక్కోసారి తిథి, నక్షత్రం కూడా ఉంటాయి. ఊరు మాత్రం ఉండదు. ఆ ఒక్క వాక్యం నుంచి ఊరి దాకా ఎలా వెళ్ళాలన్నదే ఈ సాయంత్రం విషయం.

ముందే ఒక హద్దు గీసుకుందాం. నేను చెప్పేది సుమారు 1850కీ 1920కీ మధ్య, మద్రాసు రాజధాని, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాల్లో పుట్టినవాళ్ళ గురించి. నిజాం రాజ్యంలో రికార్డుల తీరు వేరు, భాష వేరు, దారి కూడా వేరు. దాన్ని ఇందులో కలిపితే రెండూ చెడతాయి.

చెన్నైలో ఉన్నవాళ్ళకు ఈ పనిలో ఒక సౌకర్యం ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా ఆ జిల్లాల కాగితాలు ఈ ఊరికే వచ్చేవి. ఎగ్మూరులో రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారం, దానికి దగ్గర్లోనే కన్నెమరా గ్రంథాలయం ఉన్నాయి. పాత గెజిటీర్లు, సివిల్ లిస్టులు, గ్రామాల జాబితాలు మొదట అడగాల్సింది అక్కడే. ఊరు ఆంధ్రలో ఉంది కదా అని అందరూ ముందు అక్కడికి బస్సెక్కుతారు. వెతుకులాటలో మొదటి సగం ఇక్కడే కూర్చుని పూర్తి చేయవచ్చు, అలా చేసుకున్నాక వెళ్తేనే ప్రయాణం దండగ కాదు.

ఒక ఉదాహరణ పెట్టుకుని నడుద్దాం. గురజాడ అప్పారావు గారు. ఆయన పుట్టిన ఊరు మనకు తెలుసు, ఎస్. రాయవరం. తెలిసిన జవాబునే ఎందుకు తీసుకున్నానంటే, పద్ధతిని పరీక్షించాలంటే జవాబు తెలిసిన లెక్కే చేసి చూడాలి. అది కాసేపు మూసిపెడదాం. మన చేతిలో ఉన్నది ఇంతే అనుకుందాం: "గురజాడ అప్పారావు, 1862లో విశాఖపట్నం జిల్లాలో జననం. తండ్రి వెంకట రామదాసు, తల్లి కౌసల్యమ్మ. విజయనగరంలో జీవితం."

ఇందులో మొదట పట్టుకోవాల్సిన మాట "జిల్లా". ఏ జిల్లా అని అడిగే ముందు, ఏ సంవత్సరపు జిల్లా అని అడగాలి. రచయిత తను రాస్తున్న నాటి జిల్లా చెబుతున్నాడా, ఆ మనిషి పుట్టిన నాటి జిల్లా చెబుతున్నాడా? చాలామంది రాస్తున్న నాటి జిల్లానే రాస్తారు. తరవాతివాళ్ళు దాన్ని పుట్టిన నాటిదనుకుని ఎత్తి రాసుకుంటారు.

ఇది ఎంత దూరం తీసుకుపోతుందో చూడండి. ఒంగోలు పక్కన వినోదరాయునిపాలెంలో 1872లో టంగుటూరి ప్రకాశం పంతులు గారు పుట్టారు. అప్పుడు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాది. 1904లో కొత్తగా ఏర్పడ్డ గుంటూరు జిల్లాలో కలిసింది. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికి ఆయన పేరే పెట్టారు. కాబట్టి ఒక పుస్తకంలో నెల్లూరు జిల్లా అనీ, ఇంకోదాంట్లో గుంటూరు జిల్లా అనీ, మూడోదాంట్లో ప్రకాశం జిల్లా అనీ ఉంటే మూడూ నిజమే కావచ్చు. మనిషి ఊరు మారలేదు, ఊరూ కదల్లేదు, గీతలు కదిలాయి. భీమవరం తాలూకా కథ కూడా అంతే. 1904 దాకా గోదావరి జిల్లా, ఆ తరవాత కృష్ణా జిల్లా, 1925 నుంచి పశ్చిమ గోదావరి.

అందుకని మొదటి పని ఒక చిన్న పట్టిక రాసుకోవడం. పుట్టిన సంవత్సరం ఒక పక్క, పుస్తకం అచ్చయిన సంవత్సరం ఇంకో పక్క, మధ్యలో ఆ ప్రాంతంలో జరిగిన జిల్లా మార్పులన్నీ. గురజాడ వారి విషయంలో 1862 నాటికి విజయనగరం జిల్లా అన్నది లేదు, అది 1979లో వచ్చింది. శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది. అంటే 1940లో అచ్చయిన పుస్తకంలో "విశాఖపట్నం జిల్లా" అని ఉంటే, అది ఇవాళ్టి శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి, విశాఖ లాంటి జిల్లాల్లో ఏదైనా కావచ్చు. అదే మాట 1985లో రాసిన పుస్తకంలో ఉంటే, రచయిత తన కాలపు జిల్లానే చెబుతున్నాడనుకుంటే, శ్రీకాకుళం, విజయనగరం పక్కకు పోతాయి. పుస్తకం అచ్చయిన ఏడాదిని బట్టి వెతకాల్సిన నేల సగానికి సగం తగ్గుతుంది. అందుకే ముఖపత్రం వెనక ఉండే ప్రచురణ సంవత్సరం, ఏ ముద్రణ అన్నది తప్పక రాసుకోవాలి. పునర్ముద్రణలో ప్రకాశకులు జిల్లా పేరు సవరించడం కూడా ఉంది. దొరికితే మొదటి ముద్రణే చూడండి.

ఇక రెండోది. నా ఉద్దేశంలో ఈ పనికంతటికీ ఇదే గుండెకాయ. మన జీవిత చరిత్రల్లో "ఊరు" అన్న ఒక్క మాట కింద నాలుగు వేరువేరు ఊళ్ళు దాక్కుని ఉంటాయి. ఇంటిపేరు ఊరు ఒకటి, తండ్రి తరఫు స్వగ్రామం ఒకటి, పెరిగిన ఊరు ఒకటి, నిజంగా పురుడు పోసుకున్న ఊరు ఒకటి.

ఇంటిపేరు ఊరు అన్నిటికన్నా తొందరగా దొరుకుతుంది, అన్నిటికన్నా ఎక్కువగా తప్పుదోవ పట్టిస్తుంది. గురజాడ అనే ఊరు కృష్ణా జిల్లాలో ఉంది. ఘంటసాల కూడా కృష్ణా జిల్లాలోనే ఒక ఊరు, కానీ గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు గారు పుట్టింది అదే జిల్లాలో గుడివాడ వైపు చౌటపల్లిలో. అక్కడ జిల్లా కూడా కలిసింది కాబట్టి, ఊరి పేరు లేని పుస్తకం చదివినవాడు ఘంటసాలలోనే పుట్టాడని ఊహించుకోవడం సులువు. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉంది, రాధాకృష్ణన్ గారి జన్మస్థలంగా చెప్పేది తిరుత్తణి. ఇంటిపేరు ఎన్నో తరాల కిందటి వలసకు గుర్తు. వంశం ఎక్కణ్ణుంచి బయల్దేరిందో చెబుతుందే తప్ప బిడ్డ ఎక్కడ పుట్టాడో చెప్పదు.

స్వగ్రామానికీ పుట్టిన ఊరికీ తేడా ఎందుకు వస్తుందో మన ఇళ్ళలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. తొలి కాన్పు పుట్టింట్లో. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని పుట్టింటికి తీసుకెళ్తారు, పురుడు అక్కడే, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక అత్తగారింటికి పంపుతారు. బిడ్డ పెరిగేదీ, బడిలో ఊరి పేరు రాయించుకునేదీ, పెద్దయ్యాక "మాది ఫలానా ఊరు" అని చెప్పుకునేదీ తండ్రి ఊరు. పుట్టింది మాత్రం అమ్మమ్మగారి ఊళ్ళో. జీవిత చరిత్రకారుడు "మీదే ఊరు?" అని అడిగి రాసుకున్నాడు, "ఎక్కడ పుట్టారు?" అని అడగలేదు. ఈ ఇబ్బంది ఎక్కువ భాగం అక్కడే పుట్టింది.

అల్లూరి సీతారామరాజు గారి విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. స్వగ్రామం భీమవరం దగ్గర మోగల్లు. పుట్టింది భీమునిపట్నం వైపు పాండ్రంగి, తల్లి సూర్యనారాయణమ్మ గారి పుట్టిల్లు. ఒకటి గోదావరి డెల్టాలో, ఇంకోటి విశాఖ దగ్గర. ఒక పుస్తకంలో గోదావరి జిల్లా అనీ ఇంకో పుస్తకంలో విశాఖపట్నం జిల్లా అనీ ఉంటే, చదివేవాడు వాటిలో ఒకటి తప్పనుకుని కొట్టేస్తాడు. కొట్టేయకూడదు. రెండు దూరపు జిల్లాలు కనిపిస్తే అది పొరపాటని కాక, తండ్రి వైపు ఒకటి, తల్లి వైపు ఒకటి అయి ఉండవచ్చని ముందు అనుమానించాలి. అలాంటి తేడా నిజానికి మనకు దొరికిన ఆచూకీ.

కాబట్టి పని వరుస ఇలా ఉంటుంది. ఆయన తల్లిదండ్రులకు ఎన్నో సంతానమో ముందు తేల్చుకోవాలి. తొలి సంతానమో మలి సంతానమో అయితే తల్లి పుట్టింటి ఊరు మొదట వెతకాలి. నాలుగో వాడో ఐదో వాడో అయితే ఆ ఏడాది తండ్రి ఎక్కడ కాపురమున్నాడో చూడాలి. తండ్రి సర్కారు ఉద్యోగి అయితే సివిల్ లిస్టుల్లోనో, ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్లోనో ఆ ఏడాది ఎక్కడ పని చేస్తున్నాడో దొరికే అవకాశం ఉంది. చిన్న గుమస్తా అయితే వాటిలో దొరకడు. అప్పుడు తాలూకా, జిల్లా కచేరీ కాగితాలే గతి.

గురజాడ వారి తండ్రి విజయనగరం సంస్థానంలో ఉద్యోగి. అబ్బాయి చిన్నప్పటి చదువు చీపురుపల్లిలో, ఎందుకంటే తండ్రి అక్కడ పని చేసేవారు. తరవాత బతుకంతా విజయనగరం. ఇక్కడ ఆగితే చీపురుపల్లి అనో, విజయనగరం అనో రాసేస్తాం. రెండూ పెరిగిన ఊళ్ళే. కౌసల్యమ్మ గారి వైపు తిరిగితేనే రాయవరం వస్తుంది, అది ఆయన మేనమామల ఊరు.

మరి తల్లి పుట్టింటి ఊరు ఎలా దొరుకుతుంది? తల్లి పేరు రాసినవాళ్ళు ఆమె పుట్టింటి ఇంటిపేరు రాయరు. ఇక్కడ మూడు దారులున్నాయి, కుటుంబాన్ని బట్టి ఒక్కోసారి ఒక్కోటి పనికొస్తుంది.

ఒకటి, తర్పణాలు వదిలే ఇళ్ళలో. తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి వైపు మాతామహుణ్ణి, ఆయన తండ్రినీ తాతనూ పేరూ గోత్రం చెప్పి తలుచుకుంటారు. కాబట్టి ఆ మహానుభావుడో, ఆయన సోదరులో రాసుకున్న పేర్ల చీటీ ఎక్కడైనా ఉంటే, మనకు కావలసిన మాతామహుడి పేరు అందులోనే దొరకవచ్చు. ఒక జాగ్రత్త. కొడుకు రాసుకున్న చీటీలో మాతామహుడు అంటే కొడుక్కి తల్లి తండ్రి, మన మనిషికి మామగారు. మన మనిషి స్వయంగా రాసుకున్నదో, ఆయన సోదరులు రాసుకున్నదో అయితేనే సరాసరి పనికొస్తుంది. ఒక తరం అటూ ఇటూ అయితే ఊరే మారిపోతుంది. పైగా తర్పణంలో ఊరి పేరు రాదు. పేరూ గోత్రం పట్టుకుని ఇంటిపేరుకీ, అక్కణ్ణుంచి ఊరికీ వెళ్ళాలి.

రెండోది, కవులైతే పుస్తకాలే. పాత కావ్యాల అవతారికల్లో, ఆశ్వాసాంత గద్యల్లో వంశం చెప్పుకునే అలవాటుంది. కొందరు మాతామహుణ్ణీ మేనమామనూ కూడా స్తుతిస్తారు. పరిష్కరించి అచ్చు వేసినప్పుడు ఈ పద్యాలు తీసేసిన సందర్భాలున్నాయి కాబట్టి తొలి ముద్రణ గానీ రాతప్రతి గానీ చూడాలి.

మూడోది భూమి కాగితాలు, ఏ కులం వాళ్ళకైనా పనికొచ్చే దారి ఇదే. ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద కొంత పొలం రాయడం మన దగ్గర మామూలు. ఆ పొలం పుట్టింటి ఊళ్ళోనే ఉంటుంది. తరవాత ఆ పొలాన్ని కొడుకులు అమ్మి ఉంటే, సబ్ రిజిస్ట్రారు కచేరీలో దస్తావేజు ఉంటుంది. అందులో అమ్మినవాళ్ళ పేరు, తండ్రి పేరు, కాపురమున్న ఊరు, పొలం ఏ ఊరి పొలిమేరలో ఉందో సర్వే నంబరుతో సహా, ఆ ఆస్తి తమకు ఎలా సంక్రమించిందో, "మా తల్లి గారికి ఆమె తండ్రి గారు పసుపుకుంకుమ కింద ఇచ్చినట్టి" అన్న ధోరణిలో రాసి ఉంటాయి. ఆ ఒక్క వాక్యం వంద పుస్తకాల పెట్టు. కచేరీలో వెతికించాలంటే ఊరో, పేరో, కొన్నేళ్ళ వ్యవధో చెప్పాలి. ఏమీ తెలియకుండా వెళ్తే వెతకడం కుదరదు.

అగ్రహారాలు, మాన్యాలు ఉన్న కుటుంబాలైతే ఇనాం రిజిస్టర్లు కూడా చూడాలి. 1858లో వేసిన ఇనాం కమిషన్ తరవాతి ఏళ్ళలో ఊరూరా మాన్యాల విచారణ చేసింది. అనుభవదారు పేరు, వయసు, మొదట దానం పొందినవాడికి అతను ఏమవుతాడో అన్న వివరాలు అందులో ఉంటాయి. 1862లో పుట్టినవాడి తాత ఆ రిజిస్టరులో ఏ ఊరి కింద ఉన్నాడో చూస్తే, అది పుట్టిన నాటి కాగితంతో సమానం.

(సభలోంచి ప్రశ్న: జనన రిజిస్టరు చూస్తే సరిపోదా?)

సరిపోయే రోజులూ ఉన్నాయి, ఏ కాలమన్నదే ముఖ్యం. మద్రాసు రాజధానిలో జనన మరణాల నమోదు చట్టం 1899లో వచ్చింది, అది కూడా అన్ని పల్లెలకూ ఒకే రోజున రాలేదు. 1862 నాటి పల్లెటూరి పుట్టుక కోసం రిజిస్టరు అడగడం వృథా. 1905లోనో 1915లోనో పుట్టినవారికైతే తప్పక అడగాలి. ఊళ్ళో గ్రామాధికారి రాసిన పుస్తకాలు పైకి తాలూకాకు వెళ్ళేవి, కాబట్టి ఇప్పుడు తహసీల్దారు కచేరీలోనూ, సబ్ రిజిస్ట్రారు దగ్గరా, రెండు చోట్లా అడగండి.

అక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మహానుభావుడి పేరుతో వెతుకుతారు, దొరకదు, లేదని తిరిగి వచ్చేస్తారు. ఎందుకు దొరకదంటే, పుట్టిన వారం రోజుల్లోపే వెట్టివాడో, ఇంటి పెద్దో వచ్చి చెబితే రాసేవారు. నామకరణం పదకొండో రోజో, ఇరవై ఒకటో రోజో. రాసేనాటికి బిడ్డకు పేరే లేదు. "మగ శిశువు, తండ్రి ఫలానా" అని మాత్రమే ఉంటుంది. తండ్రి పేరుతో వెతకాలి. అమ్మమ్మగారి ఊళ్ళో అయితే తండ్రి పేరు ఉండాల్సిన చోట చెప్పడానికి వచ్చిన తాత పేరో మేనమామ పేరో పడి ఉండొచ్చు, ఆ పేర్లు కూడా చేతిలో పెట్టుకోవాలి. ఇక తేదీ. బడిలో వేసిన పుట్టిన తేదీని నమ్మి ఆ ఒక్క నెల చూస్తే చాలదు. పరీక్షకో ఉద్యోగానికో తగినట్టుగా వయసు తగ్గించో పెంచో రాయించడం అప్పట్లో మామూలు. ముందు రెండేళ్ళు, వెనక రెండేళ్ళు చూడండి.

సరే, మళ్ళీ మన లెక్కలోకి వద్దాం. తల్లి వైపు నుంచి "రాయవరం" అన్న పేరు వచ్చింది అనుకుందాం. పని అయిపోలేదు. రాయవరం ఒకటి కాదు. గోదావరి వైపు మండల కేంద్రమైన రాయవరం ఉంది. మార్కాపురం దగ్గర ఇంకో రాయవరం ఉంది. కొత్తపల్లి, వెంకటాపురం, రామాపురం లాంటి పేర్లయితే లెక్కే లేదు. తాలూకా తెలియని ఊరి పేరు ఇంటి నంబరు లేని చిరునామా లాంటిది.

ఇక్కడ పనికొచ్చేది మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసిన గ్రామాల అకారాది జాబితా. తాలూకాల వారీగా ప్రతి రెవెన్యూ గ్రామం అందులో ఉంటుంది. మన పేరున్న ఊళ్ళన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని పక్కన తాలూకా రాసి, తండ్రి పని చేసిన చోటికీ, పెళ్ళి సంబంధాలు కలిసే దూరానికీ పోల్చి చూడాలి. ఆ రోజుల్లో ప్రయాణం ఎడ్లబండి మీదా, పడవ మీదా. సంబంధాలు చాలా వరకు బండి ప్రయాణానికి అందే ఊళ్ళలోనే కుదిరేవి. ఇది రుజువు కాదు, ఏది ముందు వెతకాలో చెప్పే వరస మాత్రమే.

మన రాయవరానికి ముందున్న "ఎస్." అన్న అక్షరాన్ని చూడండి. అది సర్వసిద్ధి. సర్వసిద్ధి పాత విశాఖపట్నం జిల్లాలో ఒక తాలూకా, దాని కేంద్రం ఎలమంచిలి. ఒకే పేరున్న ఊళ్ళను వేరు చేయడానికి తాలూకా పేరో, పక్క ఊరి పేరో తగిలించి, తరవాత దాన్ని ఒక్క అక్షరానికి కుదించడం మన రెవెన్యూ లెక్కల్లో అలవాటు. తాలూకాలు పోయి 1985లో మండలాలు వచ్చాయి, సర్వసిద్ధి తాలూకా జనం నోట్లోంచి పోయింది, ఆ అక్షరం మాత్రం మిగిలింది. కాబట్టి ఊరి ముందు ఇంగ్లీషు అక్షరం కనిపిస్తే దాన్ని వదిలేయకండి. అది విప్పితే పాత తాలూకా దొరుకుతుంది, తాలూకా దొరికితే ఏ కచేరీ కాగితాలు చూడాలో తెలుస్తుంది.

కంప్యూటరులో పాత పుస్తకాలు వెతికేవాళ్ళకు ఒక మాట. ఇప్పటి స్పెల్లింగుతో కొడితే పాతవి రావు. Visakhapatnam అని కాక Vizagapatam అని, Eluru అని కాక Ellore అని, Kakinada అని కాక Cocanada అని కొట్టాలి. పల్లెల పేర్లకయితే ఒక పద్ధతంటూ లేదు. పల్లి అన్నది palle, palli, pally మూడు రకాలుగానూ ఉంటుంది. మూడూ కొట్టి చూడాలి.

జాబితాలో అసలు లేని ఊరయితే? అది శివారు గ్రామం అయి ఉంటుంది. పాలెం, గూడెం, పేట అన్న పేర్లున్న చాలా ఊళ్ళు పెద్ద ఊరి లెక్కలో కలిసిపోయి ఉంటాయి. జాబితాలో కనపడకపోతే ఊరు లేదని కాదు. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ అంగుళానికి మైలు పటాల్లో శివార్లు కూడా కనిపిస్తాయి. అందులో పట్టుకుని, చుట్టూ ఉన్న పెద్ద ఊరు ఏదో చూసి, ఆ పెద్ద ఊరి కింద రికార్డు అడగాలి. ఒకే మనిషికి రెండు పుస్తకాల్లో పక్కపక్క ఊళ్ళు రెండు కనిపిస్తే ఒకటి శివారు, ఒకటి అసలు గ్రామం అయ్యే అవకాశమే ఎక్కువ.

ఇంత అయ్యాకే ఊరికి వెళ్ళాలి. వెళ్ళాక అడిగే తీరులోనే పని చెడిపోవచ్చు. "ఫలానా ఆయన పుట్టింది మీ ఊళ్ళోనే కదా?" అంటే ఎవరు కాదంటారు? ఊరికి పేరొస్తుందంటే ఎవరికైనా సంతోషమే. ఆ మరుసటి ఏడు బోర్డు లేస్తుంది, ఆ తరవాత ఆ బోర్డే ఆధారంగా పుస్తకాల్లోకి ఎక్కుతుంది. ఆయన పేరు ఎత్తకుండా మొదలుపెట్టాలి. ఈ వీధిలో పాత రోజుల్లో ఏ ఇంటిపేరు వాళ్ళుండేవారు? వాళ్ళ ఆడపిల్లల్ని ఏయే ఊళ్ళకిచ్చారు? వాళ్ళ పొలం ఎటుండేది, ఎవరికి అమ్మారు? గుడిలో దాతల పేర్ల రాళ్ళేమైనా ఉన్నాయా? మనం వెతికే తల్లి ఇంటిపేరు వాళ్ళ నోటి నుంచి దానంతటదే వస్తే దాని విలువ వేరు.

కరణం గారింట్లో పాత లెక్కలుంటాయన్న ఆశతో వెళ్ళేవాళ్ళున్నారు. ఆంధ్రలో 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది. లెక్కలు అప్పుడు సర్కారుకు స్వాధీనం చేశారు. ఇళ్ళలో మిగిలింది సొంత కాగితాలే. అవి కూడా చూడదగ్గవే, కాకపోతే అడంగళ్ళు, ఇతర గ్రామ లెక్కలు అక్కడ దొరుకుతాయనుకోకూడదు.

ఇక దొరికిన ఆధారాల్ని తూచడం. పది పుస్తకాల్లో ఒకే ఊరుంటే పది సాక్ష్యాలని అనుకోకండి. ఆ పదిలో ఏది పాతదో చూసి, మిగతావి దాని వాక్యాలే ఎత్తుకున్నాయేమో పోల్చండి. ఒక తప్పు అచ్చు, ఉదాహరణకు తండ్రి పేరులో ఒక అక్షరం పోవడం, అన్నిటిలోనూ కనిపిస్తే అవన్నీ ఒక్క సాక్ష్యమే. పుట్టిన కాలానికి దగ్గరగా, వేరే పని కోసం రాసిన కాగితానికి ఎక్కువ బరువివ్వాలి. పసుపుకుంకుమ దస్తావేజు రాసినవాడికి తన మనుమడు రేపు గొప్పవాడవుతాడని తెలియదు, అందుకే అతని మాటలో మొగ్గు ఉండదు. విగ్రహావిష్కరణ సంచికకు ఆ గుణం ఉండదు.

గురజాడ వారి విషయంలో జనన రిజిస్టరు ఉండే అవకాశమే లేదు కనుక, రాయవరం అన్నది కుటుంబం చెప్పుకున్న మాట మీదా, తల్లి పుట్టింటి మీదా నిలబడుతుంది. అది చాలు, కానీ దేని మీద నిలబడిందో పక్కన రాయాలి. నేనయితే ఇలా రాస్తాను: "జననం: రాయవరం, సర్వసిద్ధి తాలూకా, విశాఖపట్నం జిల్లా (తల్లి పుట్టిల్లు). ఇప్పుడు ఎస్. రాయవరం, అనకాపల్లి జిల్లా." పుట్టిన నాటి తాలూకా, జిల్లా ముందు, 2022లో ఏర్పడ్డ జిల్లా తరవాత. రెండూ లేకపోతే ఇంకో పాతికేళ్ళకు మళ్ళీ గీతలు మారినప్పుడు చదివేవాడు మొదటికొస్తాడు.

(సభలోంచి ప్రశ్న: జాతకం ఉంటే దాని నుంచి ఊరు కట్టుకోలేమా? సూర్యోదయం ఊరిని బట్టి మారుతుంది కదండీ.)

మంచి ప్రశ్న. మారుతుంది, కానీ చాలినంత కాదు. తూర్పు పడమరలుగా ఒక డిగ్రీ రేఖాంశానికి నాలుగు నిమిషాల తేడా. మన గోదావరి, విశాఖ ప్రాంతంలో ఒక డిగ్రీ అంటే సుమారు 105 కిలోమీటర్లు. నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు ఊళ్ళ మధ్య సూర్యోదయంలో తేడా నిమిషంన్నర. జాతకంలో కాలం ఘడియల్లో ఉంటుంది, ఘడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. విఘడియల దాకా రాసినా, ఆనాడు పురిటి గది బయట నిలబడి కాలం చూసినవాళ్ళ లెక్కలో పొరపాటు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. కాబట్టి లెక్క కట్టి ఊరు తేల్చలేం. అయితే చక్రం చూసి పక్కన పెట్టేయకండి, దాని పైన రాసిన వాక్యం చదవండి. కొన్ని జాతకాల్లో సంవత్సరం, మాసం, తిథితో పాటు ఏ ఊళ్ళో పుట్టాడో, ఎవరి ఇంట్లో పుట్టాడో కూడా రాసి ఉంటుంది. రాసిన సిద్ధాంతి ఏ ఊరివాడో కింద ఉంటే అదీ ఒక ఆచూకీయే, పుట్టింటి ఊరి సిద్ధాంతి చేతే రాయించి ఉండొచ్చు.

(సభలోంచి ప్రశ్న: పుస్తకాల్లో ఆంధ్ర జిల్లా రాసి, అసలు ఇక్కడే మద్రాసులో పుట్టినవాళ్ళ సంగతి?)

అది మన ఊరివాళ్ళు చేయాల్సిన పనే. పొట్టి శ్రీరాములు గారిని తీసుకోండి. పూర్వీకుల ఊరు కనిగిరి వైపు పడమటిపల్లె, అందుకని ఆయన్ని నెల్లూరు జిల్లా మనిషి అంటారు. ఆయన 1901లో పుట్టింది ఇక్కడ జార్జి టౌనులో, అణ్ణాపిళ్ళై వీధిలో 165వ నంబరు ఇంట్లో. వ్యాపారం కోసమో, ఉద్యోగం కోసమో కుటుంబం ముందే ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ సందర్భాల్లో ఊరు వెతుక్కుంటూ ఆంధ్రకు వెళ్తే దొరకదు, నగరపాలక సంస్థ జనన రిజిస్టర్లు చూడాలి. అక్కడ ఊరికి బదులు డివిజను, వీధి చెప్పాలి. వీధి పేరు తెలియకపోతే ఆ వ్యాపారం చేసేవాళ్ళు, ఆ కులంవాళ్ళు ఏ వీధుల్లో ఉండేవారో ముందు తేల్చుకోవాలి.

ఇక ఇంటి నంబరు దొరికిందని నేరుగా వెళ్ళి ఆ ఇంటి గుమ్మం ఫోటో తీయకండి. చెన్నైలో ప్రతి గుమ్మం మీదా పాత నంబరు, కొత్త నంబరు అని రెండు కనిపిస్తూనే ఉంటాయి కదా. ఆ "పాత నంబరు" కూడా 1901 నాటిది అయి ఉండాలని లేదు. అంతకు ముందు కూడా నంబర్లు మారి ఉండవచ్చు. ఇంటి పన్ను పుస్తకాల్లో యజమాని పేరు పట్టుకుని, ఒక్కో ఏడాదీ వెనక్కి నడుస్తూ, నంబరు ఎక్కడ మారిందో ఆ పేజీ దాకా వెళ్ళాలి. యజమాని పేరు అదే ఉండి నంబరు మారిన పేజీ దొరికితే ఇల్లు దొరికినట్టే.